చివరి వరుసలో ఏడు లక్షలు

నాకు లెక్కలంటే భయం లేదు, లెక్కలు చెప్పే మనుషులంటేనే మంట. హోసూరులో ఇరవై ఏళ్లుగా చిన్న చిన్న యూనిట్లకు, పూల తోటలకు పద్దులు రాస్తున్నాను. "శశికళ నోరు మంచిది కాదు" అని వెనకాల అంటారు. అనుకోనీ. కానీ ఆ రోజు బాగలూరులో నా నోరు పడిపోయింది.

అంబిక ఫోన్ చేసి పిలిచింది. రోజా తోట ఆమెది. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజు పూలకు చల్లగది ఉన్న వ్యాను కావాలి, లీజుకు తీసుకుంటోంది, కాగితాలు ఒకసారి చూడమంది. పూలు పెంచే ప్లాస్టిక్ షెడ్లు, పాలీహౌసులు రెండూ హామీగా రాసివ్వాలట. అవి పోతే ఆమెకు ఇంకేమీ లేదు. భర్త అనంతకుమార్ కనబడకుండా పోయి రెండేళ్లు.

నేను వెళ్లేసరికి నీలం వ్యాను ప్యాకింగ్ షెడ్డు ముందు నిలబడి ఉంది. లీజు కంపెనీ తరఫున వచ్చిన మోహిత్ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పూలు కట్టే కెంచమ్మ మాత్రం వ్యానుకు దూరంగా, ఎండలో కూర్చుని కట్టలు కడుతోంది.

"నీడలో కూర్చోరాదా కెంచమ్మా?" అన్నాను.

"ఆ బండి లోపల ఎవురో తడతాండారమ్మా. రెండుసార్లు. పొద్దున్నుంచీ," అంది తలెత్తకుండా.

ఇదేం చోద్యం అనుకుని వ్యాను దగ్గరికి పోయాను. ఇంజను ఆపి ఉంది. తాళం చెవి మోహిత్ ముందున్న బల్ల మీదే ఉంది. చల్లగది తలుపు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది, అంత చలి. పక్కన చిన్న డబ్బాలో అంకె వెలుగుతోంది. నాలుగు డిగ్రీలు.

"బ్యాటరీలో మిగిలిన కరెంటు మేడమ్," అన్నాడు మోహిత్. "డెమో బండి. రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగలా. కొత్తది పదహారు, మీకు పది లక్షలకే."

"ఆర్‌సీ ఏది?"

"పేరు మారుస్తాండారు. సంతకం అయినాక చేతికొస్తుంది."

నాకు ఒళ్లు మండింది. లీజు కాగితం తీసుకున్నాను. ధర పది లక్షలు. నెలాఖరుకు ఇరవై ఒక్క వేల ఆరు వందల తొంభై మూడు, ముప్పై ఆరు నెలలు. చివరి వరుసలో చిన్న అక్షరాల్లో మిగులు విలువ మూడు లక్షలు, అది కట్టి బండి తీసుకోవాలి. మధ్యలో మానేస్తే పది లక్షల ధర మీదే లెక్క తేల్చి కట్టాలి.

అంబిక వేళ్ల మీద లెక్క పెట్టింది. "అక్కా, మూడేండ్లకు ఏడు లక్షల ఎనభై వేలే కదా కట్టేది. బండి పది లక్షలు. వడ్డీ యాడుంది ఇందులో?"

మా వైపు అందరూ ఇలాగే లెక్క వేస్తారు. కట్టేది కూడతారు, ధర తీసేస్తారు, మిగిలినదాన్ని నెలలకు పంచి, వందకు ఎన్ని పైసలో చెబుతారు. చివరి మొత్తాన్ని మాత్రం లెక్కలోకి రానివ్వరు. బండి మనదే అవుతుంది కదా, అది వడ్డీ ఎలా అవుతుందంటారు.

"అట్ల కాదు," అన్నాను. ల్యాప్‌టాప్ తెరిచి, ఒక రేటు అనుకుని ప్రతి వాయిదానూ ఈనాటి విలువకు దించాను. చివరి మూడు లక్షలనూ దించాను. అన్నీ కలిపితే ధరకన్నా ఎక్కువ వస్తే రేటు పెంచాలి, తక్కువైతే తగ్గించాలి. సరిగ్గా ధరకు వచ్చి ఆగిన రేటే అసలు రేటు. పెంచి, తగ్గించి చూస్తే పది లక్షల ధరకు రేటు వందకు నెలకు ముప్పై నాలుగు పైసల దగ్గర ఆగింది. ఏడాదికి నాలుగు శాతం.

బ్యాంకులో డిపాజిట్ వేసుకున్నా అంతకన్నా ఎక్కువ వస్తుంది. ఈ మహానుభావులు దానధర్మాలకు దిగారా? రేటు ఇంత తక్కువ చూపిస్తున్నారంటే ధరే అబద్ధమై ఉండాలి. వీళ్ల అసలు రేటెంతో తెలిస్తే, దాన్ని పెట్టి అసలు ధరను బయటికి లాగొచ్చు.

"వీళ్ల పాత కాగితం ఏదైనా ఉందా?"

అంబిక లోపలికి పోయి ఒక ఫైలు తెచ్చింది. అనంతకుమార్ తీసుకున్న మొదటి వ్యాను లీజు, అదే కంపెనీది. ధర పదహారు లక్షలు, నెలకు నలభై తొమ్మిది వేల మూడు వందల పది, ముప్పై ఆరు నెలలు. మిగులు విలువ ఏడు లక్షలు. వందకు నెలకు ఒక రూపాయి పెట్టాను, ఎక్కువ వచ్చింది. ఒకటిన్నర పెట్టాను, ఇంకా ఎక్కువే. రెండు పెట్టాను. పదహారు లక్షల పదకొండు రూపాయలు వచ్చింది. రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి ఇరవై నాలుగు.

అదే రెండుతో కొత్త కాగితాన్ని వెనక్కి తిప్పాను. ఆరు లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఆరు.

ఏడు లక్షలకు నాలుగు రూపాయలు తక్కువ.

మూడేళ్లు నిండిన వారం అనంతకుమార్‌కు ఆ మిగులు ఏడు లక్షలు కట్టమనే ఉత్తరం వచ్చింది. పూలు వేసుకుని కృష్ణగిరికి బయలుదేరాడు. డ్యాం దారిలో ఆ తెల్ల వ్యాను దొరికింది. ఇంజను నడుస్తోంది, పూలు తాజాగా ఉన్నాయి, చల్లగది నాలుగు డిగ్రీల దగ్గర ఉంది. మనిషి లేడు. కంపెనీ బండిని పట్టుకుపోయింది. ఇప్పుడు రంగు మార్చి, మీటరు వెనక్కి తిప్పి, అదే ఏడు లక్షలకు మళ్లీ ఈ గుమ్మంలోకే తెచ్చింది.

"బాబూ, ఇది తెల్ల బండి కదా మొదట్లో?" అన్నాను.

మోహిత్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవురు చెప్పినారు మేడమ్?"

"మీ వాయిదాలే చెప్పినాయి. ఏడు లక్షల బండికి పది లక్షల చీటీ అంటిస్తే రెండు రూపాయల వడ్డీ ముప్పై నాలుగు పైసలుగా కనబడుతుంది. తీసుకుపో."

అంబిక లేచి, వ్యాను దగ్గరికి నడిచి, చల్లగది తలుపు మీద రెండుసార్లు తట్టింది. లోపల ఎవరైనా ఉండిపోతారేమోనని అనంతకుమార్ తలుపు వేసే ముందు రోజూ అలాగే తట్టేవాడు.

లోపలి నుంచి రెండుసార్లు తట్టిన చప్పుడు వచ్చింది.

మోహిత్ పోయి తలుపు తీశాడు. ఖాళీ. చలి మాత్రం మా కాళ్ల మీదికి పాకింది. అంబిక చాలాసేపు లోపలికి చూసింది. ఏడవలేదు. "మూడేండ్లకు మళ్లీ మనిషినే అడుగుతాది ఇది," అంది నెమ్మదిగా. "ఈసారి నన్ను. నేను సంతకం పెట్టను. తీసుకుపోప్పా."

వ్యాను బాగలూరు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా చూశాం. కెంచమ్మ పూలకట్ట పట్టుకుని నీడలోకి వచ్చి కూర్చుంది. నేను ఫైలు మూయబోతే చివరి పేజీలో అనంతకుమార్ పెన్సిలు లెక్క కనబడింది. కట్టేది పదిహేడు లక్షల డెబ్భై ఐదు వేలు, ధర పదహారు, వడ్డీ ముప్పై పైసలు. ఏడు లక్షల ఊసే లేదు. కింద ఎర్ర సిరాతో "సరి" అని రాసి, పొట్టి సంతకం ఉంది.

ఆ సంతకం నాది. అయిదేళ్ల కింద, బస్సుకు టైమవుతోందని సరిగా చూడకుండా నిలబడే పెట్టి ఇచ్చి, మరిచిపోయాను.

అంబిక నా భుజం మీదుగా ఆ పేజీనే చూస్తోంది.

"అక్కా," అంది, "ఈ పొద్దు వేసిన లెక్క ఆ పొద్దు వేసింటే ఆయప్ప ఉండునా?"

కోపం లేదు ఆ గొంతులో, నిజంగానే అడుగుతోంది. నాకు సిగ్గుతో కళ్లు నిండాయి. వ్యాను అప్పటికి ఊరు దాటి ఉంటుంది. అయినా నా వెనక, షెడ్డు ఇనుప స్తంభం మీద, ఎవరో రెండుసార్లు తట్టారు.