‘వదులుకున్నది’ కింద ఖాళీ

...అయినా కారణం పనికి ముందు పుడుతుందా, తర్వాత పుడుతుందా? మనిషి ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, ఆ తర్వాతే కాళ్ళు పీకుతున్నాయంటాడు. అడగ్గానే కారణం సిద్ధంగా ఉంటుంది, తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని. అది ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూడరు. తను కూడా చూడలేదు.

ఆమె భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చాలాసేపయింది. మధ్యాహ్నపు ఎండ బల్ల మీంచి జారి కిటికీ గట్టు దాకా వెళ్ళింది. ఆ కిటికీ దగ్గరే ఆమె తమ్ముడు స్టూలెక్కి, ఊడిపోయిన కర్టెన్ రాడ్డును గోడకి బిగిస్తున్నాడు.

ఆ కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూలో భాగంగా ఇంట్లో చేసి ఇవ్వమన్న ప్రాజెక్టు పెద్దదేమీ కాదు. ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కి అపాయింట్‌మెంట్లు బుక్ చేసే ప్రోగ్రాం. షరతుల్లో మొట్టమొదటిది, ఒకే డాక్టరు దగ్గర ఒకే అరగంటను ఇద్దరికి ఇవ్వకూడదు. కోడ్ నిన్ననే పంపేసింది, ఇక దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. ఇవాళ సాయంత్రంలోగా రైటప్ పంపాలి. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నావు, దానివల్ల వచ్చిందేమిటి, వదులుకున్నదేమిటి, ఇంకా సమయం ఉంటే ఏం బాగుచేసేదానివి, ఇవీ వాళ్ళడిగినవి. కోడ్‌కీ రైటప్‌కీ మధ్య ఒక రోజు ఎడం కావాలనే పెట్టినట్టున్నారు. రాస్తూ రాస్తూ గుట్టుగా కోడ్ దిద్దుకోకుండా.

పాత ఉద్యోగం పోయి నెలలు గడిచాయి. పంపిన దరఖాస్తుల్లో చాలావాటికి జవాబే లేదు. ఇంతదాకా రానిచ్చింది ఈ ఒక్క కంపెనీయే. ఇది కూడా పోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక తనలో ఉందో లేదో ఆమెకే తెలియదు.

మొదటి మూడు నిర్ణయాలూ నీళ్ళు తాగినంత తేలిగ్గా రాసేసింది. డేటాబేసు మొత్తం ఒకే ఫైలులో పెట్టాను, చూసేవాళ్ళు ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. వదులుకున్నది: ఒకేసారి చాలామంది బుకింగులు రాయబోతే క్యూలో ఆగాల్సిందే. ప్రతి అపాయింట్‌మెంటూ అరగంటే, లెక్క సులువు. వదులుకున్నది: ముప్పావుగంట చికిత్సకి ఇందులో చోటు లేదు. లాగిన్ పెట్టలేదు, అడిగినది బుకింగే కాబట్టి. వదులుకున్నది ఏమిటో చెప్పనక్కర్లేదు, అయినా చెప్పింది.

నాలుగో దాని దగ్గర చెయ్యి ఆగింది.

‘నియమాలు రేపు మారవచ్చు కనుక, వాటిని డేటాబేసులో బిగించెయ్యకుండా ప్రోగ్రాంలోనే ఉంచాను.’

వాక్యం ముచ్చటగా ఉంది. పొద్దున రాసినప్పుడు రెండుసార్లు చదువుకుని మురిసింది కూడా. దాని కింద ‘వదులుకున్నది’ అని ఉంది. ఆ పక్కన కర్సర్ ఆరిపోతూ వెలుగుతోంది.

అసలు జరిగింది వేరు. మొదట్లో ఆ మొదటి షరతునే నియమంగా డేటాబేసులో పెట్టింది, బుకింగుల పట్టికలో ఒకే డాక్టరు, ఒకే సమయం ఉన్న వరస రెండోసారి రాకూడదని. రద్దయిన బుకింగుల్ని మాత్రం చెరిపెయ్యకుండా, ‘రద్దు’ అని గుర్తు పెట్టి పట్టికలోనే ఉంచింది, చరిత్ర ఉండాలి కదా అని. తీరా టెస్టు నడిపితే, ఒకరు రద్దు చేసుకున్న అరగంటను ఇంకొకరికి ఇవ్వబోతే డేటాబేసు ఒప్పుకోలేదు. రద్దు చేసుకున్న మనిషి లేచి వెళ్ళినా, అతని తుండుగుడ్డ ఇంకా సీటు మీదే ఉంది. చిరాకేసి నియమాన్నే పీకేసింది. ఖాళీ ఉందో లేదో ప్రోగ్రాం ముందు చూసి, తర్వాత రాసేలా మార్చింది. టెస్టు పాసైంది. రేపు మారబోయే నియమాల గురించి అప్పుడామె క్షణమైనా ఆలోచించలేదు.

చూడడానికీ రాయడానికీ మధ్య ఒక సందు ఉంది. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే, ఇద్దరికీ ఖాళీయే కనిపిస్తుంది, ఇద్దరూ రాసేస్తారు. తన టెస్టులన్నీ ఒకదాని తర్వాత ఒకటి బుద్ధిగా నడిచేవే. ఆ సందులోకి ఏదీ తొంగిచూడలేదు.

ఒకే అరగంట కోసం రెండు బుకింగుల్ని ఒక్కసారే పంపి చూసింది. ప్రోగ్రాం ఒకదాన్ని తిప్పికొట్టింది. మళ్ళీ పంపింది, మళ్ళీ తిప్పికొట్టింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఇంకోసారి పంపింది. ఇద్దరికీ ఖరారని వచ్చింది.

తమ్ముడు తన ఆఫీసులో ఇలాంటి ప్రాజెక్టులు దిద్దుతుంటాడు. స్టూలు మీంచే కథంతా విన్నాడు. ఇందులో కొంప మునిగేదేమీ లేదన్నాడు. ‘ఇంకా సమయం ఉంటే’ అన్న భాగంలో, మూడోదిగానో నాలుగోదిగానో, ఏకకాలపు బుకింగుల నిర్వహణను మరింత పటిష్ఠం చేస్తానని రాసెయ్యమన్నాడు. అబద్ధం కాదట. ఆ భాగంలో అందరూ ఆకాశానికి నిచ్చెనలు వేస్తారట, నీదొక మెట్టు ఎక్కువ, అంతే అన్నాడు.

“మరింత అంటే, ఇప్పుడు కొంత ఉన్నట్టా?” అంది ఆమె.

“అక్కా, ఇది ఉద్యోగం కోసం రాసే కాయితం. కోర్టు కాదు.”

“నీ దగ్గరికి అలా రాసినవాళ్ళు వస్తే ఏం చేస్తావురా?”

అతను స్క్రూ ఒకటి పళ్ళ మధ్య పెట్టుకుని, గోడవైపు తిరిగి చెప్పాడు. “కనిపెట్టేస్తాను. కానీ తీసుకుంటాను కూడా, చాలాసార్లు.”

“తప్పని నేరుగా రాసినవాళ్ళని?”

“ఒకమ్మాయి రాసింది. నేను తీసుకుందామన్నాను. మొదటి షరతే నెరవేర్చలేదు కదా అని మా పెద్దాయన వద్దన్నాడు. అదే చెప్తున్నాను, నీ ఇష్టం.” రాడ్డును ఒకసారి లాగి చూశాడు. “నీకు చిన్నప్పట్నుంచీ ఇంతే. పడ్డా, దూకానంటావు.”

ఆమె నవ్వింది గానీ, మాట తగలాల్సిన చోటే తగిలింది. పాత ఆఫీసులో తన టీమ్‌నే ఎత్తేశారు. ప్రతి ఇంటర్వ్యూలోనూ తను మాత్రం కొత్త సవాళ్ళ కోసం బయటికొచ్చానని చెప్పింది. చెప్పగా చెప్పగా అది నిజంగానే తన నిర్ణయమనిపించసాగింది. రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు తనమీద తనకే కోపమొచ్చేది, మంచి ఉద్యోగం చేతులారా ఎందుకు వదులుకున్నానా అని. వదులుకోలేదు. లాక్కున్నారు. లాక్కున్నదానికి ఏడవచ్చు. వదులుకున్నదానికి ఏడిస్తే సిగ్గు. ఇన్నాళ్ళూ ఏడవకుండా ఉండడానికి ఇదా కారణం?

ఈ ఆలోచనకి తనే కొంచెం బెదిరి, తెరవైపు చూసింది. కర్సర్ ఇంకా అక్కడే ఉంది.

ముచ్చటైన వాక్యాన్ని చెరిపేసింది. పేజీ చివర, సమయం ఉంటే చేసే పనుల దగ్గర, కొత్త పేరా మొదలుపెట్టింది.

‘ఒకే అరగంటకు రెండు బుకింగులు ఒకేసారి వస్తే ఇద్దరికీ ఖరారు కావచ్చు. ఇప్పుడే ప్రయత్నించి చూశాను, అయింది. ఇది ఎంపిక కాదు, తప్పు. రద్దయిన వరసలు అడ్డొస్తున్నాయని డేటాబేసులోని నియమాన్ని తీసేశాను. ఏం పోతుందో అప్పుడు నాకు తట్టలేదు. నియమాన్ని తిరిగి పెట్టి, రద్దు కాని వరసలకే వర్తించేలా చేస్తే సరిపోతుంది. రెండోవారి బుకింగును డేటాబేసే తిప్పికొడుతుంది. వారికి ఆ సమయం ఇప్పుడే నిండిందని చెప్పాలి. రెండు బుకింగుల్ని ఒకేసారి పంపే టెస్టు కూడా ఉండాలి.’

చదువుకుంది. ముచ్చటగా లేదు. అన్నీ పొట్టి వాక్యాలు, ఊపిరాడనివాడు మాట్లాడినట్టు. బాగుచేద్దామని చెయ్యి వెళ్ళింది. చేస్తే మళ్ళీ ఇస్త్రీ బట్టలే అనిపించి వెనక్కి తీసుకుంది.

తమ్ముడు స్టూలు దిగి చేతులు దులుపుకున్నాడు. రాడ్డు నిలబడిందన్నాడు. ఎక్కడ పెట్టావని అడిగాడు, ఆ పేరాని.

చివర్లోనే పెట్టానని చెప్పబోయింది. చివర్లో ఎందుకు పెట్టిందో ఎవరైనా అడిగితే, దానికీ ఒక కారణం సిద్ధంగానే ఉంది.

ఆమె పేరాని మొత్తం కత్తిరించి, పేజీని పైదాకా జరిపి, అన్ని నిర్ణయాలకన్నా ముందు, పేరు కిందే అతికించి, పంపు అన్న మీట నొక్కింది.