సక్రి సీసా

"ఎస్తేరూ, నీకు దేవుడు నోరు రెండు పాళ్లు ఎక్కువిచ్చిండే" అనేది మా అమ్మ. ఆ నోటికే సర్కారు జీతమిచ్చింది. సూదులేసే నర్సులు వేరు, నాది మాట్లాడే పని. బాన్సువాడ చుట్టూ ఊళ్లూ తండాలూ తిరిగి, జనాన్ని కూర్చోబెట్టి, ఫలానా జబ్బు ఇట్లా ఉంటుంది, పరీక్ష చేయించుకోండి అని చెప్పాలి, శిబిరం పెడితే ఆ పరీక్షా నేనే చేయాలి. కాగితాల్లో ఏదో పెద్ద పేరుండేది ఆ ఉద్యోగానికి. జనానికి మాత్రం నేను నర్సమ్మనే.

ఎనభై రెండులో, నాట్లకు ముందు, పిట్లం దారిలో ఒక తండాలో షుగర్ శిబిరం పెట్టాం. బడి ముందు టార్పాలిన్ కట్టి, మైకు పెట్టి, బల్ల మీద నా సామానంతా సర్దుకున్నాను. స్పిరిటు దీపం, గాజు గొట్టాలు, నీలం మందు, ఖాళీ ఇంజక్షన్ సీసాలు. సీసాలను మరగబెట్టి కడిగి, ఒక్కోదానికి ప్లాస్టరు ముక్క అతికించేదాన్ని, పేరు రాయడానికి. తండా పెద్ద హేమ్లా డప్పు కొట్టించి అందరినీ పిలిపించాడు. నూరు మంది దాకా వచ్చారు. నాకు హుషారొచ్చింది.

"షుగర్ అంటే పట్నం సేట్ల బీమారి అనుకుంటున్రా? వాళ్లకే కాదు, జొన్నరొట్టె తినేటోళ్లకు కూడ వస్తది" అని మొదలుపెట్టాను. "ఊకె దూపైతదా? ఊకె ఒంటికి పోవాలనిపిస్తదా? మంచిగనే తింటున్నా మనిషి ఎండిపోతుండా? కాళ్లు తిమ్మిర్లా? ముల్లు గుచ్చుకున్నా తెలుస్తలేదా? పుండు మానుతలేదా? అయితే మీ ఒంట్ల చక్కెర ఎక్కువైనట్టు. మందుంది. ఫికర్ లేదు. కాని ముందు తెల్సుకోవాలె గదా!"

ముందు వరసలో సక్రి కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి. కోటగిరి వైపు కాలువల కింద నాట్లేసే ఆడవాళ్ల జట్టుకు పెద్ద ఆమె. పన్నెండు మందిని వెంటేసుకుని పోయేది, ఎవరెంత నాటాలో ఆమె మాటే చెల్లేది. నేను పుండు సంగతి చెబుతుంటే ఆమె కుడికాలు గాగ్రా కిందికి లాక్కుంది. నేను చూశాను. చూసి, సరే, సీసాలో తేలిపోతుందిలే అనుకున్నాను. పక్కన ఆమె కోడలు ధర్మి, ఆరో నెల కడుపుతో.

మాటల తరవాత ఆట. అవును, ఆటనే అంటాను ఇప్పుడు. అప్పట్లో అది నా గొప్పతనం. మిగతా నర్సులు మూల కూర్చుని పరీక్ష చేసి చీటీ రాసి పంపేవారు. నేనైతే జనం ముందే చేసేదాన్ని. గొట్టంలో నీలం మందు పోసి దీపం మీద కాచి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి మళ్లీ కాచి, రంగు తిరిగాక ఎండలోకి ఎత్తి పట్టి చూపించేదాన్ని. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ తిరిగితే కొంచెం, పసుపు అయితే ఎక్కువ, ఇటుక రంగు వచ్చిందంటే దండిగా ఉన్నట్టు. చదువురాని వాళ్లకు కళ్లతో చూపిస్తే తప్ప నమ్మకం కుదరదని నా సిద్ధాంతం. డాక్టర్లు కూడా శభాష్ అన్నారు. శిబిరాలకు నన్నే పంపమని అడిగేవాళ్లు.

మొదటి సీసా లోక్యాది. నలభై ఐదేళ్ల మనిషి, మేకలు కాస్తాడు, నవ్వుతూ వచ్చి నవ్వుతూ ఇచ్చాడు. చుక్కలు పడ్డాక గొట్టంలో రంగు పచ్చగా, పసుపుగా మారి, చివరికి ఇటుకపొడి కలిపినట్టయింది. నాకెంత సంతోషమో! అంత ముదురు రంగు నాకు చాలా రోజులకు దొరికింది. గొట్టం పైకెత్తి మైకులో అరిచాను.

"చూడున్రి! గిది లోక్యన్నది! ఒళ్లంత చక్కెరే!"

జనం ఓహో అన్నారు. ఎవరో "లోక్యా, నీ ఉచ్చతోని ఛాయ్ చేసుకోవచ్చురా" అని కేకేశారు. అంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. దాచను, నవ్వాను.

అప్పుడే ఇంకొకటి జరిగింది. లోక్యా చేతిలో మంచినీళ్ల చెంబుంది. వెనక కూర్చున్న మోతీబాయి లేచి వచ్చి, మాట్లాడకుండా ఆ చెంబు లాక్కుంది. నీళ్లు నేల మీద పారబోసి, చెంబును మట్టితో తోమడం మొదలుపెట్టింది. లోక్యా పక్కనున్న వాళ్లు జరిగి కూర్చున్నారు. "అయ్యో, గిది అంటుకునే బీమారి కాదు, గట్ల చేయొద్దు" అన్నాను మైకులో. అన్నాను గానీ ఎవరు విన్నారు? నా మాట ఒక్కసారి చెవిన పడింది, ఆ ఎర్రటి గొట్టం అందరి కళ్లలో ఉండిపోయింది.

తరవాత ఆడవాళ్ల వంతు. జంటలు జంటలుగా బడి వెనక మక్కచేను చాటుకు పోయి వచ్చారు. సక్రీ ధర్మీ కలిసి పోయారు, రెండు సీసాలతో వచ్చారు. ధర్మిది నీలం. సక్రిది నీలం. రెండో గొట్టం ఎత్తి చూపిస్తూ, "సక్రవ్వ సీసా! చూడున్రి, సముద్రం లెక్క నీలంగున్నది! జట్టు పెద్ద గట్టిగున్నది!" అన్నాను. చప్పట్లు కొట్టారు. సక్రి మాత్రం నవ్వలేదు. చీటీ మీద "చక్కెర లేదు" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. గాగ్రా కింద దాచిన ఆ కాలు నాకు గుర్తుకు రాకపోలేదు. ఒక్క మాట, "కాలు చూపియ్యవ్వా" అంటే ఏం పోయేది? మూత్రంలో నీలం వచ్చినంత మాత్రాన జబ్బు లేదని తేల్చకూడదు, అనుమానముంటే రక్తం చూడాలి. అది మాకు నేర్పిన పాఠమే. కాని ఇంకా ముప్పై సీసాలున్నాయి, జనం చూస్తున్నారు, నా ఆట నడవాలి.

నెలన్నర తరవాత వేరే పేషెంటును తీసుకుని నిజామాబాదు పెద్ద దవాఖానకు పోయాను. ఆడవాళ్ల వార్డులో ఎవరో "నర్సమ్మా" అని పిలిచారు. చూస్తే సక్రి. కుడికాలు మోకాలి కింద నుంచి లేదు.

మంచం అంచున కూర్చున్నాను.

"ఏమైందవ్వా?"

"ఏమైతది. అరికాల్ల ముల్లు దిగింది. నాకు తెల్వనే లేదు. గా పుండుతోనే నాట్లకు పోయిన, బురదల ఇరవై రోజులు నిలవడ్డ. కాలు నల్లగైంది. నా కొడుకు బాన్సువాడల ఒక డాక్టర్ కాడికి తోల్కపోయిండు. నీ చీటీ చూపిచ్చిండు. చక్కెర లేదంటున్నరు గదా, ఉత్త పుండే అని ఆయన పట్టీలు కట్టుకుంట పోయిండు. ఈడికొచ్చినంక మల్ల పరీక్ష చేసిన్రు. ఇటుక రంగంట."

"మరి ఆ రోజు నీలమెట్లొచ్చింది?"

సక్రి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "గది నాది కాదమ్మా. ధర్మిది. రెండు సీసాలు ఆ పోరే నింపింది. నేనే నింపమన్న."

"ఎందుకవ్వా! నీ ప్రాణం కన్న ఎక్కువనా?" అని కసిరాను. నా నోటికి సిగ్గెక్కడిది?

"లోక్యా చెంబు గుంజుకున్నరు, నువ్వు చూసినవా లేదా?" సక్రి సూటిగా నన్నే చూసింది. "నా జట్టోళ్లు పన్నెండు మంది ఒక్క కుండల నీళ్లే తాగుతరు. నా చేతి రొట్టె తింటరు. నా సీసా నువ్వు గట్ల లేపి చూపిస్తే, ఇగ నా ఎంట ఎవరొస్తరు? మంది ముంగట గాకుంట నా చెవుల చెప్తే, నా ఉచ్చ నేనే ఇస్తుంటి."

నేను దుప్పటి సర్దబోయాను.

అంతలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నా కొడుకు చందర్‌కు చెప్పకు. వాని కోపం నీకు తెల్వదు. గా పోరి ఎనిమిదో నెలల ఉన్నది. నా పెండ్లామే నన్ను కన్న యాడి కాలు తీయించింది అంటడు. ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తడు."

ఆమె మాట పూర్తయ్యేసరికి చందర్ వార్డులోకి వచ్చాడు. సక్రి కొడుకు, ఏడో తరగతి దాకా చదివాడు. నన్ను గుర్తుపట్టాడు. జేబులోంచి చీటీ తీసి నా మొహం ముందు ఊపాడు.

"గీ సంతకం నీదే గదా? చక్కెర లేదని రాసింది నువ్వే గదా? నీ కండ్లు పోయినయా?"

వార్డంతా మావైపు తిరిగింది. సక్రి దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని నా నోటివైపే చూస్తోంది. ఆ సీసా మీ అమ్మది కాదు అని ఒక్క మాటంటే నేను బయటపడతాను.

"అవును బిడ్డా. రంగు చూసుడు తప్పిన. తప్పు నాదే" అన్నాను.

అబద్ధమాడానని అనుకోలేదు. ఇప్పటికీ అనుకోను. చందర్ చీటీని చింపి నా మీద విసిరి, తల్లి పక్కన కూలబడి ఏడ్చాడు. సక్రి కళ్లు మూసుకుంది. దవాఖాన మెట్లు దిగుతుంటే నాకు నా మీదే అసహ్యం వేసింది. ఫిర్యాదు పోయింది, మెమో వచ్చింది, జీతం పెరగడం ఒక ఏడాది ఆగింది. అవన్నీ నాకు లెక్కలోకి రాలేదు.

మరుసటి ఏడు మళ్లీ అదే తండాకు పంపమని నేనే పట్టుబట్టి అడిగాను. ఈసారి గోనెపట్టాలతో గదిలా కట్టించాను. ఒక్కొక్కరే లోపలికి రావాలి, ఎవరి రంగు వాళ్లకే చెప్పాలి. మైకు తేలేదు. నలభై సీసాలు కడిగి తెచ్చాను.

చందర్ బడి గేటు దగ్గర నిలబడ్డాడు. నా మీద అరవలేదు. వచ్చిన వాళ్లకు మాత్రం మామూలుగా చెబుతున్నాడు.

"గీమె చూసిన రంగు నమ్మకున్రి. మా యాడికి నీలం అన్నది, కాలు పోయింది. గీమె నీలమూ అబద్ధమే, ఎరుపూ అబద్ధమే."

ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. లోక్యా దూరంగా మేకలతో పోతున్నాడు, భుజాల ఎముకలు బయటికి కనిపించేంత చిక్కిపోయాడు. పరుగున వెళ్లి, పోయినేడు శిబిరంలో ఇచ్చిన షుగర్ గోళీలు వేసుకుంటున్నావా అని అడిగాను.

"నువ్వు చూసిన ఎరుపే గదమ్మా" అన్నాడు మర్యాదగా. "పారేసిన."

తిరిగొచ్చేసరికి గోనెపట్టా వెనక ధర్మి ఉంది, చంకలో పిల్లతో. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నేను చెప్తనమ్మా. గా సీసా నాదే, నర్సమ్మ రంగు మంచిగనే చూసింది అని అందరి ముంగట చెప్తా. నమ్ముతరు. ఇస్తరు" అంది.

గేటు దగ్గర చందర్ ఇటే చూస్తున్నాడు. ధర్మి చంకలో పిల్ల నా కొంగు పట్టుకుని లాగుతోంది. ఆమె చెబితే నలభై సీసాలూ నిండుతాయి. ఆ సాయంత్రానికి ఆమెకు ఇల్లుండదు.

"వద్దు. పో ఇంటికి" అన్నాను.

ఆమె వెళ్లిపోయింది. మధ్యాహ్నం దాకా కూర్చుని, సీసాలన్నీ ఖాళీగానే జీపులో పెట్టించాను. ఆ తండాలో ఇంకెందరి ఒంట్లో ఉందో ఆ జబ్బు, నాకు ఈనాటికీ తెలియదు.