ఖాళీ మీద మామిడిగుత్తి

స్వతంత్రం వచ్చిన మరుసటేడు చాట్రాయి పక్కన మిషన్ బడి జూబిలీ. సవరమ్మ టీచరు పొడుగాటి కాగితం మీద, ఏడాదికో బెత్తెడు చొప్పున, బడి చరిత్రంతా ఒకే గీతగా గీసింది. హెడ్మాస్టరు ఇన్నయ్యగారు పరీక్షగా చూశారు.

"బావి తవ్వింది బడికి ముందు కదమ్మా, ఎడమకి జరుపు. పేర్లు ఒకదాని మీదొకటి పడ్డాయి, ఒకటి గీత పైన, ఒకటి కింద రాయి."

అన్నీ దిద్దింది.

"మధ్యలో ఇంత ఖాళీ ఏంటి? దగ్గరికి లాగెయ్."

"మామిడితోటల ఆసామి బడి మూయించిన ఎనిమిదేళ్లండీ. లాగితే కొలత అబద్ధమవుద్దండీ."

"ఆయన కొడుకే రేపు ముఖ్య అతిథి, తల్లీ!"

కొలత చెడలేదు. ఖాళీ మీద మామిడిగుత్తి బొమ్మ అతికించారు.

ఆ ఎనిమిదేళ్లలోనే చదువు పోయి, ఇప్పటికీ ఆ తోటల్లోనే కూలికి కాయలు కోస్తున్న సవరమ్మ అక్క మార్తమ్మ, జూబిలీనాడు ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయింది.

"అన్నిట్లోకీ ఇదే బాగుందే, సవరా!"