ఆరు దగ్గర మరక

మా ఆయన పోయాక ఆయన వాచీని శుభ్రం చేయమని ఏలూరులో కనకరాజు కొట్లో ఇచ్చాను. కొత్తగా రంగేసిన డయల్‌తో తిరిగొచ్చింది. "తుడిచానండీ, అంతే" అన్నాడు.

ఈరోజు నిలదీద్దామని వెళితే, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఒకాయనకు అదే మోడల్ పాత వాచీ అమ్ముతున్నాడు.

"అన్నీ ఒరిజినలేనండీ."

దాని డయల్‌పై ఆరు దగ్గర, కొల్లేరులో పడవ మీద వెళ్లినప్పుడు మా ఆయన వాచీలోకి నీళ్లు దిగి పడిన మరకే ఉంది.

"ఏవండీ, చూడండి," అన్నాను కొనేవాడితో. "డయల్‌పై చీకట్లో మెరిసే చుక్కలు గోధుమరంగుకి తిరిగాయి. ముళ్ల మీది అదే మెరుపు పూత తెల్లగా ఉంది. ఒకే వయసువైతే ఇంత తేడా రాదు. ముళ్లు మార్చారు. డయల్ నా వాచీది."

ఆయన వాచీని బల్లపై పెట్టి వెళ్లిపోయాడు.

"టీచరుగారూ, లోపల మాట్లాడుకుందామండీ."

"గుమ్మంలోనే కూర్చుంటాను. నా డయల్ నాకు బిగించండి. తర్వాత కూడా రోజూ వస్తాను, కొనేవాళ్లకి ఇలాగే చూపించడానికి. బడికి సెలవులేగా."