రెండు సూర్యోదయాల నడుమ పౌర్ణమి

“మిషన్ ఆపవయ్యా! ఇది దొంగ క్యాలెండరు!”

సిద్ధాంతిగారి కేకకి నా ప్రెస్సులో ఇంకు కూడా జంకింది. ఆయన క్యాలెండరు ముప్పై ఏళ్ళుగా నేనే అచ్చేస్తున్నాను. ఈ ఏడు ఆయన అల్లుడు కూడా, రెండొందల కిలోమీటర్లు పడమటనున్న తన ఊరి కోసం, మొదటిసారి ఓ క్యాలెండరు తెచ్చాడు. అట్ట మీద ‘గణితం’ అన్నచోట తన పేరే. భార్యతో కలిసి ప్రూఫు దిద్దుకుంటుంటే మామగారు ఊడిపడ్డారు.

“నా లెక్కలు ఎత్తుకెళ్ళాడు! శుక్లపక్షం నాది, కృష్ణపక్షం నాది. మరి అల్లుడుగారిది ఏ పక్షం?”

“మీ పక్షమే మావయ్యగారూ,” అన్నాడు అల్లుడు, చెమట తుడుచుకుంటూ.

“చూశావా, అల్లడం మొదలెట్టాడు అల్లుడు! తిథులు ముగిసే వేళలన్నీ నావే.”

“తిథి ముగిసే క్షణం ఎక్కడున్నా ఒకటే కదా నాన్నా. కలవక ఏం చేస్తాయి?” అంది కూతురు.

“నువ్వూరుకో. ఊరు మారితే మారేది సూర్యోదయం! పొద్దు పొడిచేటప్పుడు ఏ తిథి ఉంటే ఆ రోజు దానిదే. అదే ఈ దొంగకి ఉరి.” నావైపు తిరిగారు. “వచ్చే నెల మంగళవారం పౌర్ణమి ఆరూ నాలుగుకి ముగుస్తుంది. మనకి సూర్యుడు ఆరూ ఒకటికే వస్తాడు, కాబట్టి మంగళవారం పౌర్ణమి. వాళ్ళకి ఆరూ ఎనిమిదికి. ఆ గడిలో పౌర్ణమి ఉంటే, నాది కాపీ కొట్టినట్టే!”

గబగబా పేజీ తిప్పారు. మంగళవారం గడిలో బహుళ పాడ్యమి. సోమవారం చతుర్దశి, కింద చిన్నక్షరాల్లో ‘పౌర్ణమి క్షయం’.

పౌర్ణమికి క్షయం వచ్చింది గానీ మామగారి సంశయానికి రాలేదు.

“అయితే చెప్పండి, ఎందుకు క్షయం?”

అల్లుడు ఫ్యానుకేసి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది గానీ అతని నాలుక తిరగలేదు.

“సోమవారం సూర్యుడొచ్చాక ఏడూ పదికి మొదలవుతుంది,” ప్రూఫు మీంచి తలెత్తకుండానే అంది కూతురు. “మంగళవారం సూర్యుడు రాకముందే అయిపోతుంది. మా ఊళ్ళో ఒక్క సూర్యోదయానికీ అందదు. అందుకే ఆ శుక్లపక్షానికి పద్నాలుగు రోజులే.”

సిద్ధాంతిగారు కూతుర్ని చూశారు, అల్లుణ్ణి చూశారు, మళ్ళీ కూతుర్ని.

“ఎవరు నేర్పారే?”

“మీరే. నేర్పుతున్నట్టు మీకు తెలీదంతే.”

“దొంగతనమే అన్నానా లేదా!” నా జేబులోని ఎర్రపెన్ను లాగి, ‘గణితం’ పక్కన అల్లుడి పేరు కొట్టేసి, పైన కూతురి పేరు రాశారు. అల్లుడు హమ్మయ్య అనుకున్నట్టే కనబడ్డాడు.

“ఇప్పుడు వెయ్యనా?” అన్నాను.

“అప్పుడేనా?” కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చున్నారు. “మిగతా పదకొండు నెలలూ చూడనీ. ఈ పిల్ల లెక్కలో ఒక్క అమావాస్యైనా తప్పకుండా ఉంటుందా?”