మిట్ట ఎక్కిన నీళ్ళు

వీరాంజనేయులు నవ్వితే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ రోజు మా కాలనీ ట్యాంకు దగ్గర జనమంతా ఉండగా, మా పై అధికారి, ఈఈ నాగేంద్ర సారు పక్కన నిలబడి అదే నవ్వు నవ్వాడు.

"నీళ్ళు మిట్ట ఎక్కవు సార్. ఈయమ్మ చదువుకుంది గానీ ఆ సంగతి తెలుసుకోలే. లైను మిట్ట మీదుగా గీసింది. ఆయమ్మ గీసినట్లే నేను ఏసినాను. ఇంగ కాలనీకి నీళ్ళు ఎట్లొస్తాయి?"

ఈయమ్మ అంటే నేను, యేసుమణి. నీటి సరఫరా శాఖలో ఏఈని. అర్ధవీడు అవతల ఉన్న ఈ కాలనీలోనే పుట్టాను. కొండ వాలులోని రిజర్వాయరు నుంచి కాలనీకి వచ్చే పైపులైను డిజైన్ నాది. దాన్ని వేసిన కాంట్రాక్టరు వీరాంజనేయులు. దారిలో ఆ మిట్ట మీదున్న బత్తాయి తోట కూడా ఆయనదే. నీళ్ళు చాలడం లేదని కాలనీకి ట్యాంకర్లు తోలేదీ ఆయనే. ఆ ట్యాంకర్ల నీళ్ళు ఎక్కడివో నాకు తెలుసు. మా నీళ్ళే మాకు తోలుతున్నాడు దొంగ వెధవ.

సారు ఆ రోజు తేల్చడానికే వచ్చారు. డిజైన్ తప్పని తేలితే లైను మూసేస్తారు, నా మీద చర్య తీసుకుంటారు, కాలనీ శాశ్వతంగా ఆయన ట్యాంకర్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడుతుంది. నాకు మాత్రం అంతకంటే పెద్ద లెక్క ఇంకోటి ఉంది.

మా అమ్మ భాగ్యమ్మ ఆయన తోటలో కూలికి పోతుంది. వద్దే అంటే వినదు. పోయిన ఎండాకాలం సంపులో పూడిక తీయమని ఆమెను నిచ్చెన వేసి కిందికి దింపాడు. పని అయ్యాక అమ్మ పైకి వచ్చి, దాహం ఆగక ఆయన కుండలో చెంబు ముంచింది. అంతే. "ఇంకొంచెం పూడికుంది, మళ్ళా దిగు" అని దింపి, నిచ్చెన పైకి లాగేశాడు. "నీళ్ళు మిట్ట ఎక్కవు. నువ్వు ఎట్ల ఎక్కుతావో చూద్దాం" అని నవ్వాడట. పొద్దు వాలేదాకా అమ్మ ఆ గుంతలో నిలబడే ఉంది. చుట్టూ కూలీలు తలలు వంచుకున్నారు. ఇంటికొచ్చాక అమ్మ ఏడవలేదు. అన్నం కూడా తినలేదు. నేను ఆ రాత్రే అనుకున్నాను, వీణ్ణి వదిలితే నేను భాగ్యమ్మ కూతుర్ని కాదని.

కానీ అమ్మ ఊరికే నిలబడలేదు. కొద్దిరోజుల తర్వాత తల దువ్వుకుంటూ చెప్పింది. "సంపు అడుగున ఒక పైపు మూతి ఉండాదమ్మా. పైనుంచి ఏ పైపు నీళ్ళూ పడవు. అయినా పొద్దున లేచేసరికి నిండిపోతది. చప్పుడే ఉండదు."

అప్పుడు నాకు అర్థమైంది. పైనుంచి పడితే నీళ్ళ మోత వినపడుతుంది కదా. అందుకని పైపు మూతిని నీళ్ళ అడుగున పెట్టాడు. చూసేవాడికి కనపడదు, వినేవాడికి వినపడదు. తెలివంటే అదీ. నా డిజైన్‌లో మిట్ట నడినెత్తిన ఎయిర్ వాల్వ్ ఉంది. ఎత్తు మీద పైపులో చేరే గాలి బయటకు పోవడానికీ, లోపల పీడనం పడిపోతే బయటి గాలి లోపలికి రావడానికీ అది పెడతాం. ఆ చోటు ఇప్పుడు ఆయన కంచె లోపల ఉంది. వాల్వ్ ఉండే ఛాంబర్ గుంత మీద రెండు ట్రాక్టర్ల పెంట దిబ్బగా పోయించాడు. వాల్వ్ పీకేసి, ఆ మూతికే తన పైపు తగిలించుకున్నాడని నా అనుమానం.

ఇదంతా సారుకు ముందే చెప్పాను. ఆయన మంచివాడే, తిక్కమనిషి కూడా. "రిజర్వాయరు దగ్గర పోయే నీళ్ళూ ట్యాంకు దగ్గర వచ్చే నీళ్ళూ కొలిచావు. ఒకే పైపులో పోయినంతా రావాలి, రాలేదు. మధ్యలో పోతున్నాయి, ఒప్పుకుంటా. కానీ లీకు కావచ్చు కదా? పట్టా భూమి తవ్వాలంటే నోటీసు ఇవ్వాలి" అన్నారు. నోటీసు అందేలోపు వీరాంజనేయులు పైపు పీకి మట్టి కప్పేస్తాడు. అది సారుకూ తెలుసు, నాకూ తెలుసు.

అందుకే ఆ రోజు నేను వేరే దారి పట్టాను. వీరాంజనేయులు నవ్వు అయిపోయేదాకా ఆగాను.

"సరే అన్నా, నువ్వు చెప్పిందే నిజమనుకో. నీ తోటలో మా లైను నుంచి ఏ పైపూ లేదు కదా?"

"దేవుని తోడు లేదు. నా సంపులోయి బోరు నీళ్ళు. కొబ్బరి నీళ్ళ మాదిరి ఉంటాయి. కావాలంటే సారుకు తాగిస్తా."

"జనమంతా విన్నారు కదా" అన్నాను. విన్నామన్నారు.

వాల్వులు చూసే మా విశ్వాసం బాబాయికి సైగ చేశాను. కుళాయి గొట్టాలన్నీ అప్పటికే మూయించాను. ఆ పూట ఎవరూ చుక్క పట్టొద్దని ఇంటింటికీ చెప్పించాను. బాబాయి ట్యాంకు పైకి పోయే దారి మూసి, ట్యాంకు కింద నేలమట్టంలో ఉన్న వాషౌట్ వాల్వ్ పూర్తిగా తిప్పేశాడు. బురద కడగడానికి పెట్టిన వాల్వ్ అది. నీళ్ళు పోతాయని ఎవరూ తెరవరు. నీళ్ళు మోతతో కాలువలోకి దూకాయి. ఆడవాళ్ళు అయ్యో అయ్యో అన్నారు.

"పిచ్చి పట్టిందా? వచ్చే నాలుగు చుక్కలూ పారబోస్తాండావు" అన్నాడు వీరాంజనేయులు.

నేను ఆయన్ను పట్టించుకోలేదు. పుల్ల తీసుకుని నేల మీద గీత గీశాను.

"సార్, రిజర్వాయరు మట్టం ఇక్కడికంటే ముప్పై మీటర్లు ఎత్తు. మిట్ట పద్నాలుగు. ట్యాంకు పైకి ఎక్కించేటప్పుడు నీళ్ళు నెమ్మదిగా పోతాయి, రాపిడికి పోయే శక్తి తక్కువ. మిట్ట దగ్గరికి వచ్చేసరికి ఇంకా పీడనం మిగులుతుంది. అక్కడ బొక్క ఉంటే బయటికి తోస్తుంది. ఇప్పుడు నేలమట్టంలో తెరిచాం. వేగం పెరిగింది."

సారు పుల్ల నా చేతిలోంచి తీసుకున్నారు. పరీక్ష పేపరు ముందు కూర్చున్న పిల్లాడిలా వంగారు. "ముప్పై మీటర్ల శక్తీ దారిలోనే రాపిడికి ఖర్చు. పైపు అంతా ఒకే సైజు. మిట్ట మూడింట రెండు వంతుల దూరంలో. అంటే ఇరవై అక్కడికే ఖర్చయిపోతుంది. మిగిలేది పది. వేగానికి పోయేది బెత్తెడు కూడా ఉండదు, వదిలేయ్. మిట్ట ఎత్తు పద్నాలుగు..." ఆగారు. తల ఎత్తి నా వైపు చూశారు. "నాలుగు మీటర్లు తక్కువ. బయటి గాలి కంటే తక్కువ పీడనం. అక్కడ పైపు తోయదు, పీలుస్తుంది."

"ఎయిర్ వాల్వ్ ఉంటే గాలి పీలుస్తుంది సార్. లైనులో గాలి చేరి ఇక్కడ నీళ్ళు తుంపులు తుంపులుగా పడతాయి."

"వాల్వ్ లేకుండా దానికి ఇంకేదైనా తగిలించి ఉంటే?"

"ఏది తగిలిస్తే దాన్నే పీలుస్తుంది."

వీరాంజనేయులుకు లెక్క అర్థం కాలేదు. కానీ సారు గొంతు మారింది అర్థమైంది. నవ్వు మూతి మీదే ఎండిపోయింది. చెప్పొద్దూ, నాకు చల్లగా అనిపించింది.

నేను అమ్మకు ఫోన్ చేశాను. తోటలో కలుపు తీస్తోంది. "అమ్మా, ఇప్పుడు" అన్నాను. అంతే అన్నాను. ఆమె సద్దిమూటలో పసుపు పొడి పొట్లం ఉంది. మా ఇంట్లో ఏడాదికి పట్టించుకున్న పసుపంతా అందులోనే.

డ్రమ్ము పెట్టి వాషౌట్ నీళ్ళు పట్టించాను. ఎంతసేపట్లో నిండిందో చూసి, సెకనుకు ఎన్ని నీళ్ళో లెక్కగట్టి, పైపు వైశాల్యంతో భాగిస్తే వేగం వచ్చింది. మనిషి తాపీగా నడిచేంత. మిట్ట నుంచి ఇక్కడికి కిలోమీటరు. "పావుగంటకు అటూ ఇటూగా చూడండి సార్" అన్నాను.

"ఏం చూడాల? ఏంది ఈ నాటకం?" అంటూ వీరాంజనేయులు బండి తాళం తీశాడు.

మా రత్నమ్మ పెద్దమ్మ ఆ బండి సీటు మీద తాపీగా కూర్చుంది. "ఎక్కడికి నాయనా, సినిమా సగంలో?" అంది. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఎవరూ చేయి వేయలేదు. ఆయనే కదల్లేదు.

నీళ్ళు తెల్లగా పడుతూనే ఉన్నాయి. పావుగంట దాటింది. అమ్మను ఎవరైనా చూశారేమో, సంపు మూతకు తాళం ఉందేమో అని వంద అనుకున్నాను. సారు గడియారం చూడబోయి మానేశారు.

"పచ్చగుండాయి!" అని ఎవరో కేక పెట్టారు.

ముందు లేత గంధం రంగు. తర్వాత మంచి చిక్కటి పసుపు. కాలువంతా పెళ్ళింటి ముంగిలిలా అయిపోయింది. వాసన కూడా వచ్చింది. నేను గ్లాసుతో పట్టి వీరాంజనేయులు ముందు పెట్టాను.

"నీ కొబ్బరి నీళ్ళు అన్నా. నీ సంపులో మా అమ్మ పసుపు కలిపింది. మా లైనులోకి ఎట్లొచ్చింది? తాగి చెప్పు."

ఆయన చేయి చాపలేదు. "బోరుకూ లైనుకూ లోపల ఊటలు కలుస్తాయేమో..." అని గొణిగాడు. కాలనీ మొత్తం పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆయన నవ్వు కంటే పెద్దది.

"వాల్వ్ మూయండి, చాలు" అన్నారు సారు.

"కొంచెం ఆగండి సార్. సంపు అయిపోనీయండి."

అందరం జీపులోనూ బండ్ల మీదా తోటకు పోయాం. గేటు బయటికే వినపడింది. సంపులో నీళ్ళు అడుగంటి, ఆ పైపు మూతి తేలి, గాలి పీలుస్తోంది. పాయసం చివరి గుక్క జుర్రినట్టు ఒకటే మోత, తోటంతా. చప్పుడు కాకూడదనే ఆయన మూతిని అడుగున పెట్టాడు. ఇప్పుడు అదే అరిచి చెబుతోంది.

అమ్మ సంపు అంచున నిలబడి ఉంది. చేతులు మణికట్టు దాకా పసుపు.

సారు వంగి చూశారు. సన్నటి నల్ల పైపు గోడలోంచి వచ్చి ఆ బురదలో నోరు తెరుచుకుని ఉంది. ఆయన వీరాంజనేయులు వైపు తిరిగారు. "నువ్వు పెట్టిందే. నువ్వే దిగి ఆ పైపు దేనికి తగిలించావో చూపించు. ఫోటో తీయాలి."

"కూలోళ్ళను దింపుతా సార్."

"నువ్వే."

ఆయన చుట్టూ చూశాడు. కూలీలు ఈసారి తలలు వంచుకోలేదు. చెప్పులు విప్పి, తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నిచ్చెన మెట్టు మెట్టూ దిగాడు. పసుపు బురదలో కాళ్ళు దిగబడ్డాయి. వంగి పైపు పట్టుకున్నాడు. సారు ఫోటో తీసుకున్నారు.

"అయ్యా" అంది అమ్మ. ఆయన తల ఎత్తాడు.

"నీళ్ళు మిట్ట ఎక్కినాయి గదయ్యా. ఇప్పుడు నువ్వు ఎట్ల ఎక్కుతావో చూద్దాం."

రెండు పసుపు చేతులతో నిచ్చెన పట్టుకుని పైకి లాగేసింది. ఆయన కింద నుంచి ఏదో అరిచాడు. సారు అటు తిరిగి ఎవరికో ఫోన్ చేస్తున్నారు. అమ్మ ఆయాసపడుతుంటే నేను పోయి నిచ్చెన రెండో కొన అందుకున్నాను. ఇద్దరం కలిసి దాన్ని తీసుకెళ్ళి పెంట దిబ్బ అవతల పడేసి వచ్చాం.