రూపాయి మిత్తి

ఇస్నాపూర్‌లో ఫ్యాక్టరీ కార్మికులకు మెస్ నడిపే దయావతికి ఆ పొద్దు ఒళ్లు మండిపోయింది. బడిలో ఆయాగా చేసి కూడబెట్టి కొనుక్కున్న రెండు గాజులు ఏడాది కింద పటాన్‌చెరులోని గోల్డ్‌లోన్ ఆఫీసులో కుదువపెట్టి, లక్ష తెచ్చి పెద్ద పొయ్యిలు కొంది. గడువు తీరింది. లోన్ తిరగరాయించకపోతే గాజులు వేలానికి పోతాయి. చెల్లెలి దగ్గర చేబదులు తెచ్చి, ఈ నెల మిత్తి వెయ్యి కట్టేసరికి, కౌంటర్‌లోని వరుణ్ ఏడాది లెక్క చేతిలో పెట్టాడు. మిత్తి కిందే ఇరవై మూడు వేలు!

“రూపాయి మిత్తి అంటివి గదా బిడ్డా? లక్షకు ఏడాదికి పన్నెండు వేలే గావాలె.”

“అసలు రేటు రెండు రూపాయలమ్మా. నాలుగో తారీఖు లోపల కడితేనే ఒక రూపాయి మాఫీ. నువ్వు ఈ నెల తప్ప ఎన్నడన్న టైముకొచ్చినవా?”

ఎట్లా వస్తుంది? కాంట్రాక్టర్లు పదో తారీఖు దాటితే గానీ జీతాలివ్వరు. జీతం పడితే గానీ మెస్ బాకీలు రావు. ఈ సంగతి పటాన్‌చెరులో తెలియనివాడు లేడు. అయినా “లేటయిందమ్మా” అని ఇతను అన్నప్పుడల్లా, తప్పు తనదేనని తల వంచుకుని రెండేసి వేలు కట్టింది. సిగ్గుపడాల్సింది తనా!

“ఏడాదికి ఒక్కసారే కట్టే లోన్ సంగతేంది?”

“అది రూపాయిన్నర.”

“అంటే పద్దెనిమిది వేలు.”

“కాదమ్మా. కట్టని మిత్తి నెలనెలా అసలుల కలుస్తది. దాని మీద మళ్ల మిత్తి. పందొమ్మిదిన్నర వేల పైన అయితది. అసలుతోని కలిపి ఒక్కసారే కట్టాలె.”

అదీ తను కట్టినదానికన్నా తక్కువే! కానీ లక్షా ఇరవై వేలు ఒక్కసారి ఎక్కడినుంచి తెస్తుంది? చేతిలో పడ్డ పైసలు బియ్యానికీ నూనెకూ చాలవు. నెలనెలా కట్టేదే తనకు నయం. తారీఖే కలిసిరావడం లేదు.

“ఈ నాలుగో తారీఖు ఎవలు పెట్టిన్రు?”

“ఎవలు పెడతరమ్మా? లోన్ తీసుకున్న దినాన్ని బట్టి వస్తది. ఇయ్యాల తిరగరాస్తే మళ్ల నాలుగే.”

దయావతి సంతకం పెట్టబోయిన పెన్ను కింద పెట్టేసింది.

“అయితే ఇయ్యాల రాయకు. పన్నెండున వస్త, అప్పుడు రాయి.”

వరుణ్ ఉలిక్కిపడ్డాడు. “గడువు దాటుతదమ్మా!”

“దాటనీ. నోటీసు ఇయ్యకుండ, ఎనిమిది దినాలకే నా గాజులు వేలమేస్తరా?”

“వెయ్యరు. కానీ గీ ఎనిమిది దినాలకు రెండు రూపాయల లెక్కన ఐదొందల పైన పడ్తది. ఉత్తగనే దండుగ గదమ్మా!”

దయావతి అతని మొహంలోకి సూటిగా చూసింది.

“నెలకు వెయ్యి దండుగ కట్టినన్ని దినాలు మూసుకున్న నోరు, ఇయ్యాల ఐదొందలకు తెరుసుకున్నదా బిడ్డా?”